ఫొటోలో దాగిన సందేశం ఎలా పట్టుబడుతుంది: స్టెగనోగ్రఫీకీ ఎన్‌క్రిప్షన్‌కూ మధ్య తేడా

పీజీపీ సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, అక్షరాల రూపంలో పంపిన ఈమెయిల్‌ను ఎవరైనా తెరిచి చూస్తే, మొదటి వరుసలోనే అది రహస్య సందేశమని తెలిసిపోతుంది.

```
-----BEGIN PGP MESSAGE-----
```

దాని కింద ఉన్న అర్థంకాని అక్షరాలను చదవగలిగేది సరైన కీ ఉన్నవారు మాత్రమే. ఇది లోపం కాదు. సందేశంలో ఏముందో ఇతరులకు తెలియకుండా ఉంచడమే ఎన్‌క్రిప్షన్ పని. సందేశం ఉందన్న సంగతిని కప్పిపుచ్చడం దాని పని కాదు. వాట్సాప్‌లో వెళ్లే సంభాషణ కూడా ఇలాంటిదే. మాటలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కానీ, ఎవరు ఎవరికి ఏ సమయంలో సందేశం పంపారన్నది ఆ సేవను నడిపేవారికి కనిపిస్తూనే ఉంటుంది. స్టెగనోగ్రఫీ తలపెట్టేది వేరే పని. ఒక మామూలు ఫొటోనో, పాటనో, వీడియోనో వాహకంగా వాడుకుని, అందులో సందేశం ఉందన్న అనుమానమే రాకుండా చూడాలని అది ప్రయత్నిస్తుంది.

ఈ తేడాను గణితపరంగా ఆలోచించడానికి వీలైన రూపంలో పెట్టినవారు అమెరికా గూఢలిపి శాస్త్రవేత్త గుస్తావస్ సిమ్మన్స్. 1983లో ఆయన ప్రతిపాదించిన సమస్యలో ఇద్దరు ఖైదీలు వేర్వేరు గదుల్లో ఉండి పారిపోయే పథకం వేసుకోవాలి. వాళ్లు రాసుకునే ప్రతి ఉత్తరమూ జైలు అధికారి చేతుల మీదుగానే వెళ్లాలి. గూఢలిపిలో ఉన్న ఉత్తరం కనిపిస్తే చాలు, దాన్ని చదవలేకపోయినా అధికారి ఉత్తర ప్రత్యుత్తరాలనే ఆపేస్తాడు. అంటే ఇక్కడ అధికారి గెలవడానికి సందేశాన్ని విప్పాల్సిన అవసరమే లేదు. ఇది మామూలు ఉత్తరమా, కాదా అన్న ఒక్క ప్రశ్నకు, బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే మెరుగ్గా జవాబు చెప్పగలిగితే చాలు. ఎన్‌క్రిప్షన్‌కు శత్రువు సందేశాన్ని చదివేవాడు. స్టెగనోగ్రఫీకి శత్రువు అనుమానించేవాడు. ఈ రెండో శత్రువును ఓడించడం ఎంత కష్టమో తెలియాలంటే, ఒక చిన్న సందేశాన్ని ఫొటోలో దాచి, ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి.

డిజిటల్ ఫొటోలో ప్రతి బిందువుకూ, అంటే పిక్సెల్‌కూ, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు సంఖ్యలు ఉంటాయి. ఒక్కో సంఖ్య 0 నుంచి 255 వరకూ ఉండవచ్చు. ఎరుపు విలువ 142 బదులు 143 అయితే కంటికి తేడా తెలియదు. ఆ సంఖ్యను ద్వియాంశ రూపంలో రాస్తే చివర వచ్చే బిట్ అన్నిటికంటే తక్కువ విలువ కలిగినది. సంఖ్య సరి అయితే అది 0, బేసి అయితే 1. ఆ చివరి బిట్‌ను తీసేసి దాని స్థానంలో సందేశంలోని బిట్‌ను పెట్టడమే అందరికంటే ముందు నేర్చుకునే పద్ధతి. వెయ్యి అడ్డం, వెయ్యి నిలువు పిక్సెళ్లున్న చిత్రంలో 30 లక్షల సంఖ్యలుంటాయి కాబట్టి, ఈ లెక్కన 3,75,000 బైట్లు దాచవచ్చు.

దాచాల్సిన మాట "రేపు" అనుకుందాం. తెరపై రెండే అక్షరాలుగా కనిపించినా, యూనికోడ్‌లో అది నాలుగు గుర్తులు: ర, ఏత్వం, ప, కొమ్ము. ఆ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 12 బైట్లు, అంటే 96 బిట్లు.

```
E0 B0 B0   E0 B1 87   E0 B0 AA   E0 B1 81
```

మొదటి బైటు E0 అంటే 11100000. ఫొటోలో వరుసగా ఉన్న ఎనిమిది సంఖ్యలు 142, 143, 143, 140, 138, 139, 141, 144 అయితే, ఈ ఎనిమిది బిట్లనూ పెట్టాక అవి 143, 143, 143, 140, 138, 138, 140, 144 అవుతాయి. మారినవి మూడే, అవి కూడా ఒక్కొక్క అంకె మేరకే మారాయి. చిత్రాన్ని ఎంత పెద్దది చేసి చూసినా ఆ మార్పును కన్ను పసిగట్టలేదు.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. పైన ఇచ్చిన బైట్లను మరోసారి చూస్తే, ప్రతి మూడింటిలో మొదటిది E0, రెండోది B0 లేదా B1. తెలుగు లిపిలో ఉన్న గుర్తులన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఖాళీలు, విరామచిహ్నాలు వచ్చినచోట వరుస ఒక్క అడుగు పక్కకు జరుగుతుందే తప్ప, ప్రతి 24 బిట్లకూ అదే ఆకారం మళ్లీ మళ్లీ వస్తుంది. పైగా ఒకట్లు, సున్నాలు సమానంగా ఉండవు. "రేపు" అన్న మాటలోని 96 బిట్లలో ఒకట్లు 39, సున్నాలు 57. ఫొటోలోని చివరి బిట్లన్నిటినీ వరుసగా బయటకు తీసి చూసే ఎవరికైనా ఈ లయ కనిపిస్తుంది. కనిపించడమే కాదు, అక్కడున్న సందేశాన్ని నేరుగా చదివేయవచ్చు కూడా. దాచే పద్ధతి తెలియనంత వరకే ఈ రహస్యం నిలుస్తుంది. పద్ధతి శత్రువుకు తెలిసిపోయినా కీ తెలియనంత కాలం వ్యవస్థ నిలబడాలని ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లో చెప్పిన నియమం గూఢలిపికి ఎంత వర్తిస్తుందో, దాచడానికీ అంతే వర్తిస్తుంది.

అందువల్ల దాచేముందు సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడం తప్పనిసరి. ఏఈఎస్ వంటి పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసిన బైట్లలో ఒకట్లు, సున్నాలు దాదాపు సగం సగం ఉంటాయి. వాటిలో లయ ఉండదు, మళ్లీ మళ్లీ వచ్చే ఆకారం ఉండదు. దానితోపాటు, మొదట చూసిన పీజీపీ వరుసలాంటి గుర్తింపు చిహ్నాలేవీ ఆ బైట్లకు ముందు ఉండకూడదు. ఏ బిట్ ఏ పిక్సెల్‌లోకి వెళ్లాలన్నది కూడా కీ ఆధారంగానే తేలాలి. ఇవన్నీ చేశాక చివరి బిట్లను బయటకు తీసినవారికి కనిపించేది నిర్జీవమైన రొద మాత్రమే. ఈ విధంగా రెండు విద్యలూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు; సరిగ్గా చేసిన స్టెగనోగ్రఫీ లోపల ఎన్‌క్రిప్షన్ ఎప్పుడూ ఉంటుంది.

అయితే అంతటితో సమస్య తీరిపోలేదు. ఎన్‌క్రిప్షన్ ఇచ్చే ఆ పరిపూర్ణమైన సమానత్వమే ఫొటోలో కొత్త ఆనవాలుగా మారుతుంది. ఈ సంగతిని 1999లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆండ్రియాస్ వెస్ట్‌ఫెల్డ్, ఆండ్రియాస్ ఫిట్జ్‌మన్ స్పష్టంగా చూపించారు. చివరి బిట్‌ను మార్చినప్పుడు 100 అనే విలువ 101 కాగలదు, 101 తిరిగి 100 కాగలదు. అంతేతప్ప 100 ఎన్నటికీ 99 కాదు, 101 ఎన్నటికీ 102 కాదు. అంటే 0 నుంచి 255 వరకూ ఉన్న విలువలు 128 జంటలుగా విడిపోయి, ప్రతి మార్పూ తన జంటలోపలే జరుగుతుంది. ఒక ఫొటోలో 100 అనే విలువ 1,200 చోట్ల, 101 అనే విలువ 800 చోట్ల ఉన్నాయనుకుంటే, ఆ జంటలో మొత్తం 2,000. ఎన్‌క్రిప్ట్ చేసిన బిట్లు అన్ని పిక్సెళ్లలోనూ నిండాక, ఆ 2,000లో సుమారు సగం సరి, సగం బేసి అవుతాయి. 1,200, 800 కాస్తా 1,000కి అటూ ఇటూ ఇరవై, ముప్పై తేడాతో సమమైపోతాయి. ఇలా ఒక్క జంటలో జరిగితే కాకతాళీయం అనుకోవచ్చు. 128 జంటల్లోనూ జరిగితే అది కెమెరా పని కాదు.

దీన్ని చూడటానికి పెద్ద ఉపకరణాలేవీ అక్కర్లేదు. పైథాన్‌లో పిల్లో అనే లైబ్రరీ ఉంటే ఈ కొద్ది వరుసలు చాలు:

```python
from PIL import Image
im = Image.open("photo.png").convert("RGB")
h = im.getchannel("R").histogram()
for k in range(0, 256, 2):
    print(k, h[k], h[k+1])
```

ఇది ఒక్కో జంటలోని రెండు విలువలూ ఎన్నిసార్లు వచ్చాయో పక్కపక్కన ముద్రిస్తుంది. మామూలు ఫొటోలో ఈ రెండు అంకెలూ చాలా జంటల్లో చెప్పుకోదగ్గ తేడాతో ఉంటాయి. సందేశం నిండిన ఫొటోలో పై నుంచి కింది వరకూ జంటలు జంటలుగా సమమైపోయి ఉంటాయి. వెస్ట్‌ఫెల్డ్, ఫిట్జ్‌మన్ కంటితో చూసి ఆగకుండా, ఆ సమానత్వం ఎంత అసహజమో కై-స్క్వేర్ అనే గణాంక పరీక్షతో కొలిచారు. సందేశాన్ని పిక్సెళ్లలో మొదటి నుంచీ వరుసగా నింపి ఉంటే, చిత్రంలోని మొదటి శాతం, రెండో శాతం అంటూ కొంచెం కొంచెంగా కలుపుకుంటూ అదే పరీక్ష చేసినప్పుడు, సందేశం ముగిసిన చోటు దాటాక ఫలితం ఒక్కసారిగా పడిపోతుంది. దాంతో సందేశం ఉందన్న సంగతే కాదు, దాని పొడవు కూడా తెలిసిపోతుంది. అందులో ఏముందో మాత్రం పరీక్ష చేసినవారికి ఒక్క అక్షరం కూడా తెలియదు. ఎన్‌క్రిప్షన్ పూర్తిగా నెగ్గి, స్టెగనోగ్రఫీ పూర్తిగా ఓడిన సందర్భం ఇది.

ఈ ఆనవాలును చెరపడానికి ఒక తేలికైన ఉపాయం ఉంది. పిక్సెల్ విలువ సరి-బేసి మార్చాల్సి వచ్చినప్పుడు చివరి బిట్‌ను తిప్పే బదులు, ఆ విలువకు యాదృచ్ఛికంగా ఒకటి కలపడమో, ఒకటి తీసివేయడమో చేయాలి. 0, 255 దగ్గర మాత్రమే ఒకే దారి ఉంటుంది. 100 ఇప్పుడు 99 కావచ్చు, 101 కావచ్చు. అందుకునేవారు చూసేది సరా, బేసా అన్నదే కాబట్టి వారి పనిలో ఏ మార్పూ ఉండదు. జంటల గోడలు కూలిపోతాయి, పై పరీక్ష పనిచేయదు. అయినా చిత్రానికి కొత్త రొద తోడవుతూనే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో వెలుతురు ఎక్కువై ఆకాశం పూర్తిగా తెల్లబడినచోట విలువలన్నీ 255గా ఉంటాయి. అక్కడ సందేశం పెడితే ఆ 255ల మధ్య సగం 254లు మొలుస్తాయి. కెమెరా అలాంటి చోట అలాంటి చుక్కలు పెట్టదు. అందుకే తర్వాత వచ్చిన పద్ధతులు చదునైన ఆకాశాన్నీ, సున్నం వేసిన గోడనూ వదిలేసి, చెట్ల ఆకులు, గడ్డి, గరుకు రాళ్లు వంటి, సహజంగానే గజిబిజిగా ఉండే చోట్లనే ఎంచుకుంటాయి.

నిజానికి కష్టం అంతా ఇక్కడే ఉంది. ఎన్‌క్రిప్షన్ పద్ధతిని రూపొందించేవారికి తమ దగ్గర నుంచి బయటకు వెళ్లేది ఎలా ఉండాలో ముందే తెలుసు: పూర్తి యాదృచ్ఛికంగా ఉండాలి. ఆ లక్ష్యాన్ని గణితంలో నిర్వచించవచ్చు, పరీక్షించవచ్చు. ఏఈఎస్ 2001లో అమెరికా ప్రభుత్వ ప్రమాణం కాగలిగింది అందుకే. స్టెగనోగ్రఫీ అనుకరించాల్సింది కెమెరా సెన్సర్ నుంచి వచ్చిన సహజమైన చిత్రాన్ని. ఆ సహజత్వానికి పూర్తి సూత్రం ఎవరి దగ్గరా లేదు. దాచేవారికీ, వెతికేవారికీ అది పాక్షికంగానే తెలుసు. ఎవరికి కొంచెం ఎక్కువ తెలిస్తే వారిది పైచేయి. ఈ పరిశోధనలో ప్రతి కొత్త దాచే పద్ధతికీ కొన్నేళ్లలో ఒక కొత్త గుర్తించే పద్ధతి వస్తూ ఉండటానికి కారణం ఇదేనని భావించవచ్చు.

ఎంత దాచవచ్చన్న ప్రశ్నకూ ఈ రెండింటిలో జవాబులు వేరు. ఎన్‌క్రిప్ట్ చేయాల్సిన ఫైల్ ఒక పేజీ అయినా, వెయ్యి పేజీలయినా భద్రతలో ఆచరణలో తేడా రాదు. దాచడంలో అలా కాదు. ఆండ్రూ కెర్, జెస్సికా ఫ్రిడ్రిక్ తదితరులు 2008లో వివరించిన వర్గమూల నియమం ప్రకారం, అదే స్థాయి భద్రతతో దాచగలిగే సందేశం పిక్సెళ్ల సంఖ్యతో సమంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. చిత్రం నాలుగు రెట్లు పెద్దదైతే సందేశం రెండు రెట్లే పెరగాలి. వంద రెట్లయితే పది రెట్లే. చిత్రం పెద్దదయ్యే కొద్దీ వెతికేవారికి దొరికే సాక్ష్యం కూడా పెరుగుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. మొదట లెక్కవేసిన 3,75,000 బైట్లు అనేది ఫొటోలో పట్టే పరిమాణమే తప్ప, భద్రంగా దాగే పరిమాణం కాదు.

పిక్సెళ్లను ఎంత జాగ్రత్తగా మార్చినా, చుట్టూ ఉన్న పరిస్థితులు గుట్టు విప్పడం కూడా మామూలే. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫొటోను వాహకంగా వాడితే, వెతికేవారు అదే ఫొటో అసలు ప్రతిని తెచ్చి పిక్సెల్ పిక్సెల్‌కూ పోల్చి చూస్తారు. ఇక గణాంకాలతో పనే ఉండదు. సొంతంగా తీసిన ఫొటో అయినా, ఒకే ఫొటోను రెండు సందేశాలకు వాడితే ఆ రెండింటినీ పోల్చి తేడా పట్టవచ్చు. జేపెగ్ రూపంలో ఉన్న ఫొటోను విప్పి, పిక్సెళ్లలో సందేశం దాచి, పీఎన్‌జీగా భద్రపరచడం ఇంకా ప్రమాదకరం. జేపెగ్ చిత్రాన్ని 8 అడ్డం, 8 నిలువు గళ్లుగా కోసి కుదిస్తుంది కాబట్టి, దాని నుంచి విప్పిన ప్రతి గడిలోనూ కొన్ని రకాల విలువల కూర్పులే సాధ్యం. ఒక గడిలో ఒక్క పిక్సెల్‌ను మార్చినా, జేపెగ్ నుంచి ఎన్నటికీ రాని కూర్పు తయారవుతుంది.

దీనికి వ్యతిరేక దిశలో ఉన్న ప్రమాదం సందేశం దారిలోనే నశించడం. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపిన చిత్రాన్ని ఆ యాప్ పరిమాణం తగ్గించి మళ్లీ జేపెగ్‌గా కుదిస్తుంది. చివరి బిట్లలో దాచినదంతా అక్కడే చెరిగిపోతుంది. అదే చిత్రాన్ని డాక్యుమెంట్‌గా పంపితే బైట్లు మారవు. కానీ అందరూ ఫొటోగా పంపే చోట ఒకరు మాత్రం ప్రతిసారీ డాక్యుమెంట్‌గా పంపడం కూడా గమనించదగ్గ అలవాటే అవుతుంది. జైలు అధికారి తెలివైనవాడైతే ఉత్తరాలను పరీక్షించే శ్రమ కూడా పెట్టుకోడు. వెళ్లే ప్రతి చిత్రాన్నీ ఒకసారి తిరిగి కుదించి పంపిస్తే, అందులో ఏమైనా ఉన్నా లేకపోయినా పని అయిపోతుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్‌ను ఇలా తెలియకుండా దెబ్బతీయడం కుదరదు, ఎందుకంటే అందుకున్నవారికి అది విప్పబడదు, జోక్యం జరిగిందని వెంటనే తెలుస్తుంది.

వెతికేవారి కష్టాలూ తక్కువేం కావు. 2001లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో నీల్స్ ప్రోవోస్, పీటర్ హనీమన్ ఈబే వేలం వెబ్‌సైట్ నుంచి 20 లక్షల చిత్రాలను దించి, దాగిన సందేశాల కోసం పరీక్షించారు. గణాంక పరీక్ష వేల చిత్రాలను అనుమానించింది. ఆ అనుమానితాలపై పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా ప్రయోగించి చూస్తే, ఒక్క నిజమైన సందేశం కూడా బయటపడలేదు. లెక్క చూస్తే కారణం అర్థమవుతుంది. నూటికి ఒక్క నిర్దోష చిత్రాన్ని మాత్రమే పొరపాటున పట్టుకునే మంచి పరీక్ష కూడా 20 లక్షల చిత్రాల్లో 20,000 తప్పుడు అనుమానాలను లేవనెత్తుతుంది. నిజమైన సందేశాలు వాటిలో ఓ ఇరవై ఉన్నాయనుకున్నా, ప్రతి వెయ్యి అనుమానాలకు ఒకటి చొప్పున వెతుక్కోవాలి. ఎవరి మీద అనుమానం లేకుండా లోకంలోని చిత్రాలన్నిటినీ జల్లెడ పట్టడం దాదాపు నిష్ఫలం. ఇప్పటికే అనుమానం ఉన్న ఒక మనిషి కంప్యూటర్‌లోని చిత్రాలను పరీక్షించడం మాత్రం చాలా ఫలవంతం.

అమెరికాలో మారుపేర్లతో స్థిరపడిన రష్యా గూఢచారుల విషయంలో జరిగింది ఇదే. 2010 జూన్‌లో వారిని అరెస్టు చేసినప్పుడు ఎఫ్‌బీఐ కోర్టుకు సమర్పించిన ఫిర్యాదులో, మాస్కోతో వారి ఉత్తర ప్రత్యుత్తరాలకు స్టెగనోగ్రఫీ సాఫ్ట్‌వేర్ వాడారని, బహిరంగ వెబ్‌సైట్లలో అందరికీ కనిపించే చిత్రాల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన సందేశాలను దాచారని వివరంగా ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ బయట దొరికేది కాదు. కానీ దర్యాప్తు అధికారులు దాన్ని ఛేదించింది పిక్సెళ్ల గణాంకాలతో కాదు. 2005లో న్యూజెర్సీలోని ఒక జంట ఇంట్లో రహస్యంగా సోదా చేసినప్పుడు, ఒక కాగితం మీద కంట్రోల్, ఆల్ట్, ఇ అనే మీటల పేర్లూ, ఒక పొడవైన అక్షరాల వరుసా రాసి ఉన్నాయి. ఆ మీటలు ప్రోగ్రామ్‌ను తెరిచేవి. ఆ 27 అక్షరాలే పాస్‌వర్డ్. కంప్యూటర్ డిస్కుల నకళ్లు అప్పటికే తీసుకున్న అధికారులు ఆ పాస్‌వర్డ్‌తో వందకు పైగా సందేశాలను చదవగలిగారు. దాచే ఏర్పాటూ, గూఢలిపీ రెండూ ఒకే కాగితం మీద ఆధారపడి ఉండటంతో, అది దొరికిన రోజున రెండూ కలిసే పోయాయి.

చట్టం దృష్టిలోనూ ఈ రెండూ ఒకటి కావు. భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టంలోని 69వ సెక్షన్ కింద, జాతీయ భద్రత వంటి నిర్దిష్ట కారణాలతో ప్రభుత్వ సంస్థలు ఎన్‌క్రిప్ట్ అయిన సమాచారాన్ని విప్పడంలో సహకరించమని ఆదేశించవచ్చు. సహకరించనివారికి ఏడేళ్ల వరకూ జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. కళ్లముందున్న ఎన్‌క్రిప్ట్ ఫైల్ విషయంలో ఆ ఆదేశం ఇవ్వడం తేలిక. ఒక సెలవురోజు తీసుకున్న ఫొటోలో సందేశం ఉందంటూ ఆదేశం ఇవ్వాలంటే, ముందు అది ఉందని చూపించాలి. గణాంక పరీక్ష చెప్పేది సంభావ్యతే తప్ప రుజువు కాదు. అందులో మరో పక్క కూడా ఉంది. ఏమీ దాచనివాడి ఫొటో మీద పరీక్ష పొరపాటున వేలు చూపితే, లేని సందేశానికి లేని కీని అతడు తెచ్చి ఇవ్వలేడు. నూటికి ఒక్క పొరపాటు అనే అంకె పరిశోధన పత్రంలో చిన్నదిగా కనిపించినా, విచారణ గదిలో కూర్చున్న ఆ ఒక్కరి విషయంలో అది చిన్నది కాదు కనుక, ఇలాంటి పరీక్ష ఫలితాన్ని దర్యాప్తుకు దారి చూపే సమాచారంగా తీసుకోవాలే గానీ నేరానికి సాక్ష్యంగా తీసుకోకూడదు.